సంత నుంచి తెచ్చిన గొర్రెలను మందలో ఎప్పుడు కలపాలి?

ప్రశ్న: సంతలో 15 గొర్రెలు కొన్నాం, ఇంటి దగ్గర ముందే 40 ఉన్నాయి. కొత్తవి చూడ్డానికి బాగానే ఉన్నాయి. రేపే కలిపేయొచ్చా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

జవాబు: రేపు కలపకండి అన్నా. కనీసం 21 రోజులు వేరుగా ఉంచండి, వీలైతే నెల. మాది దేవరకొండ వైపు, నేను ఇది నష్టపోయాకే నేర్చుకున్నా.

మొదటిసారి పెబ్బేరు సంత నుంచి 18 గొర్రెలు తెచ్చి అదే సాయంత్రం మా 46తో పాటు దొడ్డిలోకి తోలాం. అన్నీ హుషారుగా మేస్తున్నాయి, ఏ అనుమానమూ రాలేదు. ఐదో రోజు కొత్తవాటిలో ఒకటి మందకు దూరంగా తల వేలాడేసి నిలబడింది, మరునాటికి ముక్కు నుంచి నీళ్లు, ఆ తర్వాత చీమిడి, చిగుళ్ల మీద పుండ్లు, పారుడు. పదో రోజుకు మా మందలోని గొర్రె పిల్లలకు అంటుకుంది. మొత్తం 19 పోయాయి, ఎక్కువ మావే. డాక్టరు వచ్చి పీపీఆర్ అన్నాడు, మన దగ్గర పారుడు రోగం అంటాం కదా, అదే. ఈ వైరస్ సోకాక మామూలుగా నాలుగు నుంచి ఆరు రోజులకు లక్షణాలు బయటపడతాయి, ఒక్కోసారి పది రోజులు దాటినా పడుతుంది. అందుకే సంతలో బాగున్న గొర్రె ఇంటికొచ్చాక పడిపోతుంది. అమ్మినవాడికీ తెలియకపోవచ్చు.

రెండోసారి ముందు మా మందకు పీపీఆర్ టీకా వేయించి, మూడు వారాలు గడిచాకే కొనడానికి వెళ్లాం. టీకా వేసిన రోజే రక్షణ రాదు, పట్టుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొత్తవాటికి వచ్చిన రోజే వేసినా, అప్పటికే ఒంట్లో ఉన్న రోగాన్ని ఆపదు. వాటికి ఎప్పుడు వేయాలో, ఒంట్లో జ్వరం లేదని చూసి, డాక్టరునే నిర్ణయించనివ్వండి.

ఈసారి కొన్న పదింటిని బాయి కాడ పాత కొట్టంలో కట్టాం. మా మంద మేసే దారి అటు పోదు. ముఖ్యంగా నీళ్ల తొట్టి, దాణా గంప, చీపురు అన్నీ వేరు. రోజూ ముందు మా పాతవాటిని చూసుకుని, చివర్లో కొత్తవాటి దగ్గరికి పోయేవాణ్ణి. చెప్పులు కూడా అక్కడికి వేరే పెట్టుకున్నా, వచ్చాక చేతులు సబ్బుతో కడిగేవాణ్ణి. వేరే దొడ్డి కట్టి ఒకే బకెట్ వాడితే ఆ కట్టిన కష్టమంతా వృథా.

ఇక అన్నిటికంటే ఉపయోగపడింది థర్మామీటర్. చీమిడి కనబడక ముందే జ్వరం వస్తుంది. రోజూ తెల్లవారి నీడలో, గొర్రె నిమ్మళంగా ఉన్నప్పుడు మలద్వారంలో పెట్టి చూడాలి. మామూలుగా 102, 103 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, మన ఎండకు మధ్యాహ్నం చూస్తే కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి ఆ లెక్క నమ్మొద్దు. పొద్దున 104 దాటితే అనుమానించాలి. నాలుగో రోజు రెండింటికి 105 వచ్చింది, ముక్కు పొడిగానే ఉంది, మేతా తింటున్నాయి. అప్పటికప్పుడు వాటిని మిగతా ఎనిమిదింటి నుంచి కూడా విడదీసి పశువైద్య సేవల నంబరు 1962కి ఫోన్ చేశాం. ఆరో రోజు నోట్లో పుండ్లు పడ్డాయి. వైరస్‌కు మందు లేదు, డాక్టరు ఇచ్చిన ఇంజెక్షన్లు వెనకొచ్చే నిమోనియాకే. పదింటిలో రెండు చచ్చిపోయాయి, ఇంకోటి జబ్బు చేసి తేరుకుంది. మా మందలో ఒక్కటి కూడా పడలేదు. 21 రోజుల లెక్క తెచ్చిన రోజు నుంచి కాదు, చివరి గొర్రె తేరుకున్న రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టాం. మధ్యలో ఇంకో గొర్రెను ఆ కొట్టంలో కట్టినా అంతే, లెక్క మొదటి నుంచే.

కలిపే ముందు ఒక్కోదాన్ని పట్టుకుని చూడండి. పెదవి ఎత్తి చిగుళ్లు, ముక్కు, కళ్లు, తోక కింద తడి, గిట్టల మధ్య పుండు. కింది కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నాయని అనుమానం, పేడ పరీక్ష చేయించి నట్టల మందు తాపించండి, మందు తాపిన రోజూ మరునాడూ మేతకు తోలకుండా కొట్టంలోనే ఉంచితే గుడ్లు మీ మేత నేలలో పడవు. పొట్టేలైతే వృషణాలను చేత్తో తడిమి వాపు, గట్టి గడ్డలు ఉన్నాయేమో చూడాలి.

మీరు ఇవాళే చేయాల్సింది, ఆ 15ను పక్కకు తోలి నీళ్ల తొట్టి వేరు చేయడం. ఇప్పటికే ఒక రాత్రి పాతవాటితో కలిసి ఉంటే మొత్తం 55కీ పొద్దున జ్వరం చూడండి, వాటిలో ఏదీ అమ్మకండి.