గట్టు నెర్రె ఇచ్చిందని చెప్పడం ఎదురు మాట్లాడటమా?

ప్రశ్న: మావాడు పాలిటెక్నిక్ సివిల్ చేసి కర్నూలు దగ్గర పైప్‌లైన్ పనిలో చేరాడు. రెండు మీటర్ల కాలువ తవ్వారు, గట్టు నెర్రె ఇచ్చిందంటే సూపర్‌వైజర్ ‘భయమైతే ఇంటికి పో’ అన్నాడంట. పెద్దోళ్లకు ఎదురు చెప్పొద్దని నేనూ తిట్టాను. మాన్పించి ఏడాది ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సులో చేర్పించనా, అక్కడే ఉంచనా?

జవాబు: ముందు మీరు తిట్టిన తిట్టు వెనక్కి తీసుకోండి అన్నా. సూపర్‌వైజర్ ఒక్కడు కసిరితే పిల్లోడు తట్టుకుంటాడు, ఇంట్లోనూ అదే మాటంటే రేపు నోరు మూసుకుని కాలువలోకి దిగుతాడు.

మన నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, వాన పడితే ఆ నెర్రెల్లోకి నీళ్లు దిగి గట్టు బరువెక్కుతుంది. అంచుకు సమాంతరంగా నేల చీలిందంటే ఆ ముక్క లోపలికి జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఒక క్యూబిక్ మీటరు మట్టి ఒకటిన్నర టన్ను తూగుతుంది, ఛాతీ దాకా కప్పినా మనిషి ఊపిరి తీసుకోలేడు. అందుకే 1.5 మీటర్లు దాటిన కాలువకు పలకలు, దన్నులు పెట్టాలి, లేదా గట్లను వాలుగా కోయాలి. తవ్విన మట్టినీ అంచుకు కనీసం 1.5 మీటర్ల అవతల పోయాలి. మీవాడి సైట్‌లో ఎక్కడ పోశారో అడగండి, సాధారణంగా అంచు మీదే పోస్తారు.

ఇక నలుగురిలో వాదించొద్దనండి. టేపు పెట్టి ఫోటో తీసి, సూపర్‌వైజర్‌తో పాటు సైట్ ఇంజనీర్‌కూ వాట్సాప్‌లో ఇలా పంపమనండి: ‘చైనేజ్ ఫలానా దగ్గర కాలువ 2 మీటర్లు, కుడి అంచుకు అర మీటరులో నెర్రె ఉంది, దన్నులు లేవు, మనుషుల్ని దించకముందు చూడండి.’ రాతలో ఉంటే ‘నాకెవరూ చెప్పలేదు’ అనడం కష్టం. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ, అదే సమయంలో లేబర్ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పే హక్కు 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్‌లో ఉంది. హక్కున్నా, కాంట్రాక్టర్ రేపటి నుంచి రావద్దనడని మాత్రం నేను చెప్పలేను.

కోర్సు సంగతి. గల్ఫ్ ఉద్యోగాల బోర్డులు చూసి పిల్లల్ని చేర్పిస్తున్నారు, నాకైతే నమ్మకం లేదు. నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసర్‌కు 1998 కేంద్ర నిబంధనలు అడిగింది చూడండి: ఇంజనీరింగ్ డిప్లొమా వాళ్లకు సూపర్‌వైజర్ స్థాయిలో 5 ఏళ్ల అనుభవం, దాని పైన గుర్తింపున్న పారిశ్రామిక భద్రతా డిప్లొమా, అందులో నిర్మాణ భద్రత మీద ఒక పేపరు. అనుభవం లేకుండా ఈ కోర్సు ఒక్కటే చేసి వెళ్తే గేటు దగ్గర హెల్మెట్లు లెక్కపెట్టే పని దొరకొచ్చు. ఫీజు కట్టేముందు ఆ సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉత్తర్వు కాపీ అడగండి, తడబడితే లేచి వచ్చేయండి.

నా మాటైతే ఈ రంగంలోనే ఉంచండి, అవసరమైతే కాంట్రాక్టర్‌ను మార్చండి, కోర్సు తర్వాత చూద్దాం. ఇవాళ మాత్రం ఫోన్ చేసి, దన్నులు పెట్టకుండా దిగమంటే దిగొద్దు, ఆ రోజు కూలి పోతే నేనిస్తానని చెప్పండి.