నాన్నకి షూ కొనబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

మొదటి జీతంతో నాన్నకి షూ కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెబితే మురిసిపోయాను. ‘సర్‌ప్రైజట, పాత చెప్పుల మీద నంబరు చూసి ఆర్డర్ పెడుతోంది’ అనగానే మాత్రం గుండె గుభేలుమంది. ఆ ఆర్డర్ ఆపు. నడుస్తుంటే చెప్పు జారిపోయినా మీ నాన్నకి తెలియడం లేదని చెప్పింది కూడా మీ అమ్మే. అంటే షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందన్నమాట. అలాంటివాళ్లకి షూ సరిపోయిందో లేదో వాళ్ల నోటి మాట మీద తేల్చకూడదు.

మీ మామయ్య విషయంలో జరిగింది అదే. నాకు డ్యూటీ ఉందని ఒక్కడే వెళ్లి కొనుక్కున్నాడు. వెడల్పు జత తొడిగితే ‘కాలు ఆడుతోంది’ అని పక్కన పెట్టి, బిగుతుగా ఉన్నది ‘భేషుగ్గా ఉంది’ అని తెచ్చుకున్నాడు. స్పర్శ తగ్గిన కాలికి గట్టిగా నొక్కితే తప్ప ఏదో తొడుక్కున్నట్టే ఉండదమ్మా. అందుకే షుగరు వాళ్లు తెలియకుండానే చిన్న సైజు ఎంచుకుంటారు. పెళ్లిలో పొద్దుటి నుంచీ అవే వేసుకుని తిరిగాడు. రాత్రి సాక్స్ తీస్తుంటే చిటికెన వేలి దగ్గర అంటుకుపోయి ఉంది. బొబ్బ లేచి, పగిలి, తడి ఆరిపోయింది కూడా. ‘నొప్పేమీ లేదే’ అంటాడు. అదేగా నా భయం! షూలో చెయ్యి పెట్టి చూశాను. పైతోలు, లోపలి గుడ్డ కలిసే చోట కుట్టు గట్టుకట్టి, సరిగ్గా చిటికెన వేలి కణుపు మీదికి వచ్చింది. ఆ బొబ్బ పుండై, చీము ఎముక దాకా పోయి, చివరికి వేలు తీసేశారు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎందరి పుండ్లో కడిగిన నేను ఆయన పాదం దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అందుకని మీ నాన్నకి విషయం చెప్పెయ్. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టి రెండు పాదాలకీ పెన్సిల్‌తో గీత గియ్యి. కూర్చోబెట్టి గియ్యకు, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. గీత వెంట కత్తిరించి, ఆ కాగితాన్ని షూలో పెట్టి చూడు. అంచులు మడత పడ్డాయంటే ఆ జత ఇరుకే, నంబరు ఎంతైనా సరే. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడుగు వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ముందు భాగం గుండ్రంగా, లోతుగా ఉండాలి, వేళ్ల పైభాగం కూడా ఒరుసుకోకూడదు. మడమ మాత్రం జారకూడదు. లేసులో వెల్క్రోనో ఉన్నదే తీసుకో.

తర్వాత చేతివేళ్లతో లోపలంతా తడుము. వేళ్లున్న చోట గట్టు తగిలితే, ఎంత ఖరీదైనదైనా తిరిగి ఇచ్చెయ్.

మెత్తగా ఉంటే చాలనుకోకు. బొటనవేలితో ఇన్‌సోల్ నొక్కు. అడుగున గట్టిదనం తగిలిందంటే అది మీ నాన్న బరువుకి ఆగదు. నొక్కు వదలగానే పైకి లేచే రకం కావాలి. అది కూడా కొన్నాళ్లకి అణిగిపోతుంది, అప్పుడు మార్చాలి. ఇంట్లోకి షుగరు వాళ్ల కోసం మెత్తటి రబ్బరుతో చేసే ఎమ్‌సీఆర్ చెప్పులు కొను, వెనక పట్టీ ఉన్నవి. పాదం ఆకారం మారినా, ఇంతకు ముందు పుండు పడినా షాపు షూ చాలదు, డాక్టర్ చెప్పిన కొలతలకి కుట్టించాలి. ఒకసారి సన్నటి నైలాన్ దారంతో చేసే స్పర్శ పరీక్ష కూడా చేయించు.

కొత్త షూ మొదటి రోజు ఇంట్లోనే, గంటసేపు చాలు. విప్పి పాదం చూడు. ఎర్రటి మచ్చ అరగంటకీ పోలేదంటే అక్కడ నొక్కుతోందని అర్థం. మచ్చ లేకపోతే రోజూ కాస్త కాస్త పెంచు.

ఆ తర్వాత రోజూ చెయ్యాల్సింది మీ నాన్నే. తొడిగే ముందు షూ తలకిందులు చేసి దులపాలి, చెయ్యి పెట్టి చూడాలి. చిన్న రాయి ఉన్నా కాలికి తెలియదు. చేతులకీ తిమ్మిరి ఉంటే మీ అమ్మ చూడాలి. సాక్స్ తెల్లవే వెయ్యమను, రసి మరక కనబడుతుంది. రాత్రి అద్దంలో అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. బొబ్బ కనబడితే చిదమకూడదు, ఆ షూ మానేసి మర్నాడే డాక్టర్ దగ్గరికి. ఆనెకాయని బ్లేడుతో చెక్కుకునే అలవాటుంది వాడికి, చిన్నప్పటి నుంచీ మొండి. ఆ బ్లేడు దాచెయ్.

‘నాకెందుకు ఇంత హంగామా’ అని గొణిగితే ఫోన్ నాకివ్వు. ముందు ఆ కాగితాల ఫొటో పక్కన స్కేలు పెట్టి తీసి పంపు, చూసి చెబుతాను.

మీ అత్తయ్య