క్యాన్సర్ అని తేలింది, స్నేహితులకు మెసేజ్‌లో ఎలా చెప్పాలి?

"పోయిన వారం బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. దగ్గరి స్నేహితులు ముగ్గురికి చెప్పాలి. ఫోన్ చేస్తే ఏడ్చేస్తానేమో. మెసేజ్‌లో ఏం రాయాలి?"

నాది రొమ్ము క్యాన్సర్. నేనూ మెసేజే పెట్టాను, కాకపోతే మొదటిసారి చెడగొట్టుకున్నాను. అర్ధరాత్రి రిపోర్టు ఫొటోలు పెట్టి, కింద "ఏం చేయాలో తోచడం లేదు" అని రాసి ఒక్కదానికే పంపాను. అది హడలిపోయి మిగతా వాళ్లకి చెప్పేసింది. పొద్దున్నే చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. ఆ రోజంతా వాళ్లని నేనే ఓదార్చాల్సి వచ్చింది.

డాక్టర్ ట్రీట్‌మెంట్ వివరంగా చెప్పాక, రెండు రోజులకి ఇది పంపాను:

"బయాప్సీలో రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండో స్టేజ్. నయం చేయడానికే ట్రీట్‌మెంట్ అన్నారు. సోమవారం నుంచి కీమో, మూడు వారాలకోసారి. ప్రస్తుతానికి స్థిమితంగానే ఉన్నాను. ఫోన్ మాట్లాడే ఓపిక లేదు, మెసేజ్ పెట్టండి. జవాబు లేటయితే కంగారు పడొద్దు. కీమో రోజుల్లో మీలో ఒకరు తోడు వస్తే చాలు. వైద్యాల లింకులు పంపకండి. అమ్మకి ఇంకా చెప్పలేదు, మన మధ్యే ఉంచండి."

మీకు స్టేజ్ ఇంకా తెలియకపోతే "స్కాన్ రిపోర్టు శుక్రవారం వస్తుంది, వచ్చాక నేనే చెప్తాను" అని రాయండి. లేకపోతే రోజూ అదే అడుగుతారు.

ఇందులో బాగా పనికొచ్చింది తోడు రమ్మన్న వాక్యం. ముందు "మీ సపోర్ట్ కావాలి" అని రాసి కొట్టేశాను. అలా అంటే అందరూ "ఏం కావాలన్నా అడుగు" అంటారు, మనం అడగం. ఇలా రాసేసరికి పది నిమిషాల్లో వాళ్లే వంతులు వేసుకున్నారు.

ఒకటి మాత్రం మర్చిపోయాను. కీమో ఇచ్చాక సుమారు వారం నుంచి రెండు వారాల లోపు తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్ తేలిగ్గా అంటుకుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లో ఒక స్నేహితురాలు ముక్కు తుడుచుకుంటూ ప్రేమగా వచ్చి కూర్చుంది. వెళ్లిపొమ్మని ఎలా అంటాం? ఆ రాత్రే గ్రూపులో పెట్టాను: "జలుబు, జ్వరం ఉంటే తగ్గాకే రండి." మీకూ కీమో ఉంటే ఇది మొదటి మెసేజ్‌లోనే కలపండి.

ఒకామె పది రోజులు జవాబివ్వలేదు. నేను అలిగాను కూడా. తర్వాత చెప్పింది, రోజూ టైప్ చేసి చెరిపేసిందట. అందుకే మీ మెసేజ్ చివర "ఏం అనాలో తెలియకపోతే ఒక హార్ట్ పెట్టినా చాలు" అని రాయండి.