క్రియాటిన్ ఆపాక తగ్గేది నీరా, కండా?

ప్రశ్న: "దాదాపు ఏడాదిగా రోజుకు 5 గ్రాముల క్రియాటిన్ పొడి వేసుకుంటున్నా. ఇంట్లో నీచు ముట్టని పెరటాసి నెల పాటిస్తున్నామని ఆపేశా. మూడు వారాలకే చేతులు చప్పబడిపోయినట్టు ఉన్నాయి, జిమ్‌లో అందరూ 'ఏంది, బాడీ దిగిపోయింది' అంటున్నారు. లాస్ట్ సెట్‌లో రెప్స్ కూడా రావట్లేదు. ఇన్నాళ్లూ పెంచిన కండంతా పోయినట్టేనా?"

పోలేదు. మీకు కనిపిస్తున్న తగ్గుదలలో ఎక్కువ భాగం కండ లోపలి నీరు. చివరి సెట్లలో ఒకటి రెండు రెప్స్ తగ్గడం కూడా మామూలే. సాధన చేసి సంపాదించిన బలం మాత్రం క్రియాటిన్ ఆపినందుకు పోదు. అయితే పెరటాసిలో ఆపడంలో ఒక చిక్కుంది. క్రియాటిన్‌తో పాటు ఇంకో రెండు మూడు మారిపోతాయి, అన్నిటి పాపం ఆ డబ్బా మీదే పడుతుంది. వాటిని విడదీసి చూడటం తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు లోపల జరిగేది చెప్తాను. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది, దాదాపు అంతా కండల్లోనే. అందులోంచి రోజుకు సుమారు 2 గ్రాములు క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. ఆ లోటులో దాదాపు సగం ఒళ్లే తయారు చేసుకుంటుంది, మిగతాది తిండి నుంచి రావాలి. పొడి వేసుకుంటే ఈ నిల్వ మామూలు కంటే ఐదో వంతు దాకా పెరుగుతుంది. పెరిగిన క్రియాటిన్ తనతో పాటు నీటిని కండ కణం లోపలికి లాక్కుంటుంది. టీషర్ట్ చేతులు బిగుతుగా పట్టేది, పంప్ తొందరగా వచ్చేది అందుకే.

ఆపగానే అదంతా ఒక్కసారిగా పోదు. 1996లో స్వీడన్‌లో హల్ట్‌మన్ బృందం చేసిన పరిశోధనలో, ఆరు రోజులు రోజుకు 20 గ్రాములు ఇచ్చి ఆపేస్తే, కండలో పెరిగిన క్రియాటిన్ మెల్లగా దిగుతూ నెల రోజులకు మామూలు స్థాయికి వచ్చింది. ఏడాది వాడినా లెక్క పెద్దగా మారదు, నాలుగు నుంచి ఆరు వారాలు అనుకోండి. అక్కడితో ఆగుతుంది. మామూలు కంటే కిందికి పోదు. పొడి వాడేటప్పుడు ఒళ్లు సొంత తయారీ కాస్త తగ్గించుకుంటుంది, ఆపాక మళ్లీ మొదలుపెడుతుంది. 'ఒకసారి అలవాటైతే ఒళ్లు ఇక చేసుకోదు' అని జిమ్‌లో చెప్పే మాట ఒట్టిదే.

ఇప్పుడు నా సంగతి. మా ఇంట్లో కూడా పెరటాసి నెలంతా నీచు ముట్టరు. ఒక ఏడాది మా అమ్మ గుడ్ల ట్రేతో పాటు నా క్రియాటిన్ డబ్బా కూడా అటక మీదికి ఎక్కించేసింది. సరే, ఏమవుతుందో చూద్దామని ఆ నెల నోట్‌బుక్‌లో రాసుకున్నా. బరువు 74 కిలోల నుంచి మెల్లగా దిగుతూ 72.5 దగ్గర ఆగిపోయింది. చేతి చుట్టుకొలత పావు అంగుళం తగ్గింది. నడుము కొలత అంతే ఉంది. అద్దంలో చూస్తే మాత్రం ఐదు కిలోలు పోయినట్టు అనిపించేది. నిండుగా ఉన్న భుజం పావు అంగుళం తగ్గినా కంటికి అంత పెద్దగా తెలుస్తుంది.

బలం లెక్క ఇంకా ఆసక్తిగా ఉంది. బెంచ్ ప్రెస్ 70 కిలోలతో నాలుగు సెట్లు, మధ్యలో తొంభై సెకన్ల రెస్ట్‌తో చేసేవాణ్ణి. క్రియాటిన్ ఉన్నప్పుడు 10, 9, 8, 7 రెప్స్ వచ్చేవి. నెలాఖరుకు 10, 8, 7, 5 అయ్యాయి. మొదటి సెట్‌లో తేడా లేదు చూడండి. ఒకే రెప్‌గా ఎత్తగలిగే 95 కిలోలు అప్పుడూ ఎత్తాను. తగ్గిందల్లా వెనక సెట్లలోనే.

ఎందుకంటే క్రియాటిన్ పని అక్కడే. బరువు నెట్టే మొదటి కొన్ని సెకన్లలో కండ వాడుకునే శక్తిని వెంటనే నింపేది, క్రియాటిన్ నుంచి తయారయ్యే ఫాస్ఫోక్రియాటిన్. సెట్ అయ్యాక రెస్ట్‌లో అది మళ్లీ తయారవుతుంది: అర నిమిషానికి దాదాపు సగం, మూడు నుంచి ఐదు నిమిషాలకు దాదాపు మొత్తం. నిల్వ ఎక్కువ ఉంటే తక్కువ రెస్ట్‌తోనూ లాగించవచ్చు. తగ్గితే వెనక సెట్లు తేలిపోతాయి.

కాబట్టి మీరు ఇంట్లో కూర్చుని దిగులు పడే బదులు ఈ చిన్న పరీక్ష చేయండి. ఒక రోజు అదే బరువుతో, అవే సెట్లు, మధ్యలో నిండుగా మూడున్నర నాలుగు నిమిషాలు రెస్ట్ తీసుకుని చేయండి. రెప్స్ తిరిగి వచ్చేశాయంటే పోయింది కండ కాదు, నిల్వ మాత్రమే. నాకు 10, 9, 8, 7 యథాతథంగా వచ్చాయి. అంత రెస్ట్ ఇచ్చినా మొదటి సెట్టే పడిపోయిందంటే కారణం వేరే ఉంది, తిండి వైపు చూడాలి.

తిండి ఎందుకంటున్నానంటే మా జిమ్‌లో ఒకతని కథ చెప్పాలి. రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జిలో పని చేస్తాడు. అతను కూడా పెరటాసికి క్రియాటిన్ ఆపాడు. 81 కిలోల మనిషి దీపావళికి 76కు వచ్చాడు, స్క్వాట్ 120 నుంచి 105కు పడింది. 'క్రియాటిన్ ఆపితే ఇట్లే అవుతుంది' అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. కూర్చోబెట్టి అడిగితే అసలు విషయం బయటపడింది. రోజూ తినే గుడ్లు, చికెన్ ఆగిపోయాయి, వాటి చోట ఏమీ రాలేదు. శనివారాలు ఒంటి పూట. బ్రహ్మోత్సవాల రద్దీలో రాత్రి డ్యూటీలు పడి జిమ్‌కు రావడమే గగనమైంది. రోజుకు 120 గ్రాముల దాకా ఉన్న ప్రోటీన్ యాభైకి దిగి ఉంటుంది. ఆ ఐదు కిలోల్లో క్రియాటిన్ వాటా మహా అయితే ఒకటిన్నర, రెండు. మిగతాది తిండి, నిద్ర, సాధన పోయినందువల్ల పోయింది. మళ్లీ పొడి మొదలుపెట్టాక మొదటి ఒకటిన్నర కిలో నెల లోపే వచ్చేసింది, స్క్వాట్ పాత బరువుకు రావడానికి మాత్రం సంక్రాంతి దాటింది.

ఇక్కడ పనికొచ్చే ఆనవాలు ఒకటుంది, అది వేగం. ఒంటి పూట ఉన్న మర్నాడో, ఆ తర్వాతి రోజో కండలు చప్పగా అనిపిస్తే అది క్రియాటిన్ కాదు. అన్నం, సంగటి తగ్గినందుకు కండలో నిల్వ ఉండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్ తగ్గింది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది పోతే నీరూ పోతుంది. రెండు పూటలా కడుపునిండా తింటే తిరిగి వచ్చేస్తుంది. రెండు మూడు వారాల మీద మెల్లగా దిగి, ఒకటి రెండు కిలోల దగ్గర ఆగిపోతే అది క్రియాటిన్ నీరు. ఆరు వారాలు దాటినా బరువు దిగుతూనే ఉండి, పెద్ద బరువులు కూడా పడిపోతుంటే అప్పుడే కండ గురించి ఆలోచించండి. మీరు చెప్పిన మూడు వారాలు, చివరి సెట్ అన్నవి రెండో దానికి సరిపోతున్నాయి.

సాధన ఆపకపోతే బలం నిలుస్తుందనేది నా ఒక్కడి అనుభవం కూడా కాదు. కెనడాలో పెద్ద వయసు మగవాళ్ల మీద చేసి 2004లో అచ్చయిన పరిశోధన ఒకటుంది. క్రియాటిన్‌తో వ్యాయామం చేసినవాళ్లు దాన్ని ఆపేసి, 12 వారాలు తక్కువ మోతాదులో వ్యాయామం కొనసాగించారు. ఆపినందువల్ల వాళ్ల బలం గానీ కండ గానీ ఇతరుల కంటే వేగంగా తగ్గలేదు.

ఈ నెలలో ప్రోటీన్ మాత్రం వదలకండి. బరువు కిలోకు 1.6 గ్రాములు లెక్క. పప్పు, పెరుగుతోనే అంత రావడం కష్టం. మీల్ మేకర్ వంద గ్రాములు పొడిగా తూచి వండితే యాభై గ్రాముల దాకా వస్తుంది, పనీర్ వంద గ్రాములకు పద్దెనిమిది. చికెన్ మానడం వల్ల పోయే క్రియాటిన్ గురించి బెంగ అక్కర్లేదు. పచ్చి మాంసం కిలోకు నాలుగైదు గ్రాములే ఉంటుంది, పావు కిలో కూరలో వచ్చేది ఒక గ్రాము.

అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే దాన్నీ క్రియాటిన్ మీద వేయకండి. 3,550 మెట్లు గంటల తరబడి మెల్లగా ఎక్కే పని, అక్కడ పొడికి పెద్ద పాత్ర లేదు. ఒకటిన్నర కిలో తగ్గినందుకు మోకాళ్లు సంతోషిస్తాయి కూడా.

అసలు నెల కోసం ఆపాల్సిన అవసరమే లేదన్నది మా అమ్మకు చెప్పడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది. జిమ్ వాళ్లు వాడే క్రియాటిన్ మోనోహైడ్రేట్ మాంసం నుంచి తీసేది కాదు, ఫ్యాక్టరీలో సార్కోసిన్, సయనమైడ్ అనే రసాయనాలతో చేస్తారు. క్యాప్సూల్స్ రూపంలో ఉంటే మాత్రం పైతొడుగు జెలటిన్‌ది కావచ్చు, అది జంతువుల నుంచే వస్తుంది. పొడి అయితే డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసుకుంటే చాలు. ఇది నీచు లెక్క వరకే. వ్రతంలో ఇలాంటివేవీ వద్దని మీ ఇంటి పట్టింపు అయితే ఆపండి, పోయేదేమీ లేదు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రోజుకు 3 నుంచి 5 గ్రాములు వేసుకుంటే మూడు నాలుగు వారాల్లో నిల్వ పాత స్థాయికి వస్తుంది. తొందరుంటే ఐదారు రోజులు 20 గ్రాములను నాలుగు పూటలుగా వేసుకోవచ్చు గానీ, చాలామందికి కడుపు గడబిడ అవుతుంది, నేనైతే ఆ జోలికి పోను. ఆ వారాల్లో పెరిగే కిలో, కిలోన్నర కూడా నీరే. అది చూసి కొవ్వు పట్టిందని అన్నం తగ్గించకండి. ఈలోగా ఎక్కడైనా రక్త పరీక్ష చేయించుకుంటే, పొడి వాడుతున్నామని డాక్టర్‌కు ముందే చెప్పండి. కిడ్నీలు బాగున్నా క్రియాటినిన్ కాస్త ఎక్కువగా చూపించవచ్చు. కిడ్నీ సమస్య ముందే ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మళ్లీ మొదలుపెట్టకూడదు.