5/18 తో గుణించాలా, 18/5 తోనా?

ప్రశ్న: "గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చేటప్పుడు 5/18 వాడాలా 18/5 వాడాలా అని ప్రతిసారీ తికమక పడుతున్నాను. వచ్చిన జవాబు సరైందేనని ఎలా తెలుస్తుంది?"

ముందు ఆ రెండు భిన్నాలనూ మర్చిపోండి. కోచింగ్ నోట్సుల్లో వాటిని డబ్బా కట్టి రాయించడమే ఈ తికమకకు మూలం. డబ్బాలో అంకెలుంటాయి గానీ ప్రమాణాలుండవు, అందుకే పరీక్షలో ఏది పైకి ఏది కిందికి అన్న అనుమానం వస్తుంది.

విశాఖ వాళ్లకు తెలిసిన అంకెతోనే చేద్దాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. పైన ఉన్న కిలోమీటరు పోవాలంటే కిలోమీటరు కింద ఉన్న భిన్నం కావాలి. కింద ఉన్న గంట పోవాలంటే గంట పైన ఉన్న భిన్నం కావాలి. ఏది ఎక్కడుండాలో ప్రమాణమే చెబుతుంది, మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

```
180 km/h × (1000 m / 1 km) × (1 h / 3600 s) = 50 m/s
```

km కి km, h కి h కొట్టేస్తే పైన m, కింద s మిగిలాయి. 1000/3600 ని కుదిస్తే వచ్చేదే ఆ 5/18. గంట భిన్నాన్ని పొరపాటున తలకిందులుగా రాశారనుకోండి, గంట కొట్టుడుపోదు. కింద h² అయి కూర్చుంటుంది, పైన s వేలాడుతుంది. తప్పు అక్కడికక్కడే కనబడుతుంది. అదే డబ్బా చూసి 18/5 వేస్తే 648 వస్తుంది, అంకె మాత్రం మీకేమీ చెప్పదు. సెకనుకు 648 మీటర్లంటే ధ్వని వేగానికి దాదాపు రెట్టింపు. అంత గాలి వీస్తే బీచ్ రోడ్డు మిగిలేదా?

అయితే ఈ కొట్టివేత పట్టుకోలేని తప్పు ఒకటుంది. గంటకు 3600 బదులు 60 సెకన్లని రాస్తే ప్రమాణాలు శుభ్రంగా కొట్టుడుపోతాయి, జవాబు మాత్రం 3000 వస్తుంది. భిన్నంలో పైనా కిందా ఉన్నవి నిజంగా సమానమా కాదా అన్నది కొట్టివేతకు తెలియదు. దానికి నోటి లెక్క వేరే ఉంది. కిలోమీటర్ల అంకెలో పావు వంతు తీసుకుని, దానికి అందులో పదో వంతు కలపండి. 180 లో పావు 45, దానికి 4.5 కలిపితే 49.5. అసలు జవాబుకు ఒక్క శాతమే తక్కువ. 3000 ఎక్కడ, 49.5 ఎక్కడ!

పరీక్షలో తప్పితే మార్కు పోతుంది, అంతే. మేడ మీద రేకుల షెడ్డు లెక్కలో తప్పితే సంగతి వేరు. వాతావరణ హెచ్చరికలు గంటకు కిలోమీటర్లలో వస్తాయి. భవనాల గాలి భారానికి వాడే భారతీయ నియమావళి IS 875 మూడో భాగం మాత్రం సెకనుకు మీటర్లలో మాట్లాడుతుంది. విశాఖకు అందులో ఇచ్చిన మూల వేగం 50 m/s. గాలి పీడనానికి సూత్రం ఇది:

```
p = 0.6 × V²      (V: m/s,  p: N/m²)
```

ఎత్తు, చుట్టుపక్కల కట్టడాలు, షెడ్డు ఆకారం వంటి వాటి గుణకాలు ఇంకా ఉన్నాయి, వాటిని పక్కన పెడదాం. V = 50 అయితే పీడనం 1500 N/m². మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న రేకు మీద 4500 న్యూటన్లు, అంటే దాదాపు 460 కిలోల బరువంత. మార్చడం మరిచి 180 నే వేస్తే పీడనం 19,440 వస్తుంది, ఆ ఒక్క రేకు మీద ఆరు టన్నులకు కాస్త తక్కువ. వేగంలో తప్పు 3.6 రెట్లే, కానీ వర్గం చేయడంతో అది 12.96 రెట్లయింది. ఆ లెక్క నమ్మినవాడు షెడ్డుకు రైలు వంతెన గడ్డర్లు కొంటాడు.

ఇక్కడా ప్రమాణాలే కాపాడతాయి, కాకపోతే 0.6 ఒట్టి అంకె కాదని తెలిసుండాలి. అది గాలి సాంద్రత 1.2 kg/m³ లో సగం. దాన్ని m²/s² తో గుణిస్తే kg/(m·s²) మిగులుతుంది, అదే N/m². వేగాన్ని km/h లో ఉంచేస్తే పైన km², కింద m³, h² అలాగే నిలబడిపోతాయి. దాన్ని న్యూటన్లని ఎవరూ అనలేరు. సూత్రాల్లో స్థిరాంకాల పక్కన ప్రమాణం రాయకపోవడం మన పుస్తకాలకున్న పాత జబ్బు, దానివల్లే ఈ తప్పు దాక్కుంటుంది.

వెనక్కి మార్చాలన్నా పద్ధతి ఇదే. డ్రాయింగులో 50 m/s అని ఉంటే, ఈసారి మీటరు కిందికి, సెకను పైకి వచ్చేలా భిన్నాలు పెట్టండి.

```
50 m/s × (1 km / 1000 m) × (3600 s / 1 h) = 180 km/h
```