మాటలు మార్చినంత మాత్రాన వార్త మనదైపోదు

ప్రశ్న: నేను పత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌ని. మా రిపోర్టర్ ఇచ్చిన ఒక ఐటెమ్, రెండు రోజుల కిందట ఒక ఇంగ్లిష్ పత్రికలో వచ్చిన కథనానికి బాగా దగ్గరగా ఉంది. అడిగితే ‘అంతా మార్చి తెలుగులో నా మాటల్లో రాశాను, చివర్లో మీడియా కథనాల ప్రకారం అని కూడా పెట్టాను’ అంటున్నాడు. అది సరిపోతుందా? కాపీ అవునో కాదో ఎలా తేల్చుకోవాలి? క్రెడిట్ ఎలా ఇవ్వాలి?

జవాబు: సరిపోదు. ఇందులో కలగలిసిపోయిన రెండు విషయాలను ముందు విడదీయాలి. ఒకటి కాపీరైట్, రెండోది క్రెడిట్. జరిగిన సంగతి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. దాన్ని చెప్పిన తీరు మీద ఉంటుంది. 1978లో ఆర్.జి.ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఆలోచనకు, వాస్తవాలకు కాపీరైట్ లేదు. అయితే రెండూ చదివినవారికి ‘ఇది దానికి నకలే’ అని స్పష్టంగా అనిపిస్తే అది ఉల్లంఘన. ఇక తెలుగులో రాశానన్న వాదన అసలు నిలవదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం అనువాదం చేసే హక్కు కూడా హక్కుదారుదే.

క్రెడిట్ సంగతి వేరు. పేరు చెప్పినంత మాత్రాన కాపీ కొట్టిన పేరాలు సక్రమమైపోవు. అలాగే పేరు చెప్పకుండా ఒక వాస్తవాన్ని మాత్రమే వాడుకుంటే అది కాపీరైట్ ఉల్లంఘన కాకపోవచ్చు, కానీ ఒకరి శ్రమను మనదిగా చూపించుకోవడమే అవుతుంది. ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి దీన్ని వృత్తి ధర్మానికి విరుద్ధంగా చూస్తుంది.

ఇప్పుడు తేల్చుకోవడం ఎలాగో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక పత్రిక రిపోర్టర్ స్కూలు బస్సుల తనిఖీ నివేదిక సంపాదించాడు. 212 బస్సులను తనిఖీ చేస్తే 61 బస్సుల్లో అత్యవసర ద్వారం తెరుచుకోలేదని అందులో ఉంది. అతను ఒక డ్రైవరుతో, ఒక తల్లితో, ఒక అధికారితో మాట్లాడి కథనం రాశాడు. అందులో రెండు వాక్యాలు గుర్తుపెట్టుకోండి. ‘మూడో వంతుకు పైగా బస్సుల్లో ఇదే పరిస్థితి’ అన్నది ఒకటి. ‘ఈ బస్సులో పిల్లల్ని ఎక్కించడమంటే తాళం వేసిన గదిలో కూర్చోబెట్టడమే’ అన్నది ఇంకొకటి.

మీ డెస్కుకు వచ్చిన కాపీలో ‘ప్రతి మూడు బస్సుల్లో ఒకటికి పైగా’ అని ఉందనుకోండి. 212లో మూడో వంతు అంటే దాదాపు 71. 61 అంతకంటే తక్కువ. మొదటి రిపోర్టర్ లెక్క తప్పాడు, ఆ తప్పు వేషం మార్చుకుని మీ దగ్గరికి వచ్చింది. నివేదిక చూసి సొంతంగా లెక్క కట్టినవాడు అదే తప్పు చేయడం అరుదు. అరువును పట్టించేవాటిలో తప్పును మించింది లేదు. తప్పుగా పడిన పేరు, మారిపోయిన హోదా, పొరపాటు తేదీ కూడా ఇలాగే దొరికిస్తాయి.

తర్వాత ‘అత్యవసర ద్వారం పనిచేయని బస్సు తాళం వేసిన గదితో సమానం’ అన్న వాక్యం కనిపిస్తుంది. మాటలు మారాయి, పోలిక మారలేదు. ఆ పోలిక నివేదికలో లేదు, అది మొదటి రిపోర్టర్ బుర్రలో పుట్టింది. ఆపైన డ్రైవరు, తల్లి, అధికారి అదే వరుసలో వచ్చి, ఒక్కొక్కరు అవే రెండేసి మాటలు మాట్లాడితే ఇక సందేహం అక్కర్లేదు. అరగంట మాట్లాడిన మనిషి దగ్గర ఏ రెండు మాటలు ఏరుకోవాలన్నది రిపోర్టర్ నిర్ణయం. ఇద్దరు రిపోర్టర్లు ఒకేలా ఏరుకోరు. సాఫ్ట్‌వేర్ చూపించే పోలిక శాతం ఇక్కడ పెద్దగా పనికిరాదు. అది ఒకే భాషలో కలిసే పదాలను లెక్కపెడుతుంది గానీ, అనువదించిన పోలికనూ వరుసనూ పట్టుకోలేదు.

తొందరపడి నింద మాత్రం వేయకండి. ఒకే ప్రెస్‌నోట్ ఇద్దరికీ వచ్చి ఉంటే, లేదా ఇద్దరూ ఒకే ఏజెన్సీ కాపీ వాడి ఉంటే వాక్యాలు కలవడం మామూలే. కాబట్టి ముందు ప్రెస్‌నోట్, ఏజెన్సీ కాపీ పక్కన పెట్టుకుని వాటిలో ఉన్నవన్నీ కొట్టేయండి. మిగిలిన ప్రతి అంకె పక్కన, ప్రతి కొటేషన్ పక్కన ‘ఇది ఎక్కడిది?’ అని రిపోర్టర్ చేతే రాయించండి. నివేదిక ప్రతి, నోట్సు, రికార్డింగు, ఎవరికి ఏ రోజు ఫోన్ చేశారన్నది చూపించగలిగితే అది అతని వార్తే. చూపించలేనిదంతా అరువు కిందే లెక్క. మూలం తెలియని కాపీ అయితే వాక్యాలతో వెతక్కండి, అనువాదంలో అవి దొరకవు. పేర్లు, అంకెలు కలిపి ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ వెతకండి. దొరికిన వాటిలో అన్నిటికంటే ముందు వచ్చింది చదివితే అది ఇంకొకరిని ఉటంకించిందో లేదో తెలుస్తుంది. క్రెడిట్ చెందాల్సింది మొదట బయటపెట్టినవారికి, మధ్యలో ఎత్తిరాసినవారికి కాదు.

కాపీని సరిచేయడమంటే పదాలు ఇంకాస్త మార్చడం కాదు. మూల కథనాన్ని పక్కన మూసిపెట్టి, దానిలోంచి తీసుకున్న వాస్తవాల చిట్టా మాత్రమే ముందుంచుకుని మళ్లీ రాయించండి. పోలిక తీసేయండి, లెక్క మీరే కట్టండి. అప్పుడు ఐటెమ్ ఇలా మొదలవుతుంది: ‘తనిఖీ చేసిన 212 స్కూలు బస్సుల్లో 61 బస్సుల అత్యవసర ద్వారాలు తెరుచుకోలేదని ఫలానా పత్రిక సోమవారం బయటపెట్టింది.’ ఫలానా చోట పత్రిక అసలు పేరు ఉండాలి. వెబ్‌లో అయితే ఆ పేరుకే లింకు ఇవ్వాలి. ఇదంతా ఆ వాస్తవం మొదటిసారి వచ్చే వాక్యంలోనే జరగాలి, చివరి పేరాలో కాదు. ‘మీడియా కథనాల ప్రకారం’, ‘వార్తలు వస్తున్నాయి’ అన్నవి క్రెడిట్లు కావు. మూలాన్ని చెప్పినట్టు కనిపిస్తూ దాచే మాటలు అవి.

కొటేషన్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘డ్రైవర్ చెప్పారు’ అని రాస్తే మీతో చెప్పినట్టు అర్థం. ‘ఆ పత్రికతో చెప్పారు’ అని రాయాలి. ఇంగ్లిష్‌లో వచ్చిన కొటేషన్‌ను తెలుగులోకి తిప్పి కోట్స్‌లో పెడితే, ఆయన అనని మాటలు ఆయన నోట్లో పెట్టినట్టవుతుంది. పరోక్షంగా రాయడమే క్షేమం. మీరే నివేదిక సంపాదించి సరిచూసుకుంటే ‘ఆ పత్రిక మొదట బయటపెట్టిన నివేదిక ప్రతిని మేమూ పరిశీలించాం’ అని రాసుకోవచ్చు. చూడకుండా ఆ మాట రాస్తే అసలుకే మోసం.

ఇంకో అపోహ. ‘వాళ్లు రాశారు, మేం చెప్పాం’ అన్నది పరువు నష్టం దావాలో రక్షణ కాదు. ఆ కథనం తప్పయితే, దాన్ని మళ్లీ ప్రచురించినందుకు మీ పత్రిక విడిగా జవాబు చెప్పుకోవాలి. ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే, క్రెడిట్ ఇచ్చినా సరే, ఆ వ్యక్తి వివరణ మీరే అడగాలి.

ఐటెమ్ ఇప్పటికే వెబ్‌లో పడిపోయి ఉంటే గుట్టుచప్పుడు కాకుండా పేరు చేర్చకండి. పాత ప్రతి స్క్రీన్‌షాట్లు అవతలివారి దగ్గర ఉంటే, ఆ చాటుమాటు మార్పే మీకు తెలిసే చేశారనడానికి సాక్ష్యంగా వాడతారు. తెలిసి చేసిన కాపీరైట్ ఉల్లంఘన ఆ చట్టం సెక్షన్ 63 కింద నేరం కూడా. ఎత్తిరాసిన వాక్యాలు తీసేసి, పైన తేదీతో ఇలా పెట్టండి: ‘ఈ వార్తలోని తనిఖీ వివరాలను మొదట ఫలానా పత్రిక వెల్లడించింది. మొదటి ప్రతిలో ఆ విషయం పేర్కొనలేదు, సరిచేశాం.’ ప్రింట్‌లో వచ్చి ఉంటే మర్నాటి సంచికలో సవరణగా వేయండి. రిపోర్టర్ రాసిచ్చిన మూలాల చిట్టాను, మార్చకముందు ప్రతిని ఫైల్లో దాచండి. నోటీసు వస్తే మీ లాయరు మొదట అడిగేవి ఆ రెండే.