రెండుసార్లు కోత పడలేదు, Pending చూడండి

> "బీచ్ రోడ్డు నుంచి సింహాచలానికి క్యాబ్ యాప్ 410 చూపించింది. మా బావ అమెరికా కార్డులో రూపాయల లెక్కన 410, 475 రెండూ పడ్డాయి. దారిలో మద్దిలపాలెంలో ఆగాం. రెండుసార్లు కోశారా?"

టెన్షన్ వద్దండీ. కార్డు యాప్‌లో 410 పక్కన Pending అని ఉందేమో చూడండి. ఉంటే అది కోత కాదు, హోల్డ్.

బుక్ చేసినప్పుడు యాప్ దూరం, పట్టే సమయం, ఆ గంటకున్న గిరాకీ చూసి 410 అంచనా వేసింది. కార్డులో అంత ఉందో లేదో బ్యాంకును అడిగి, పక్కన పెట్టించింది. డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది, మీ బావగారు వాడుకోలేరు, అంతే. మద్దిలపాలెంలో ఆగడంతో దూరం, సమయం పెరిగి బిల్లు 475 అయింది. హోల్డ్ కంటే బిల్లు ఎక్కువైతే కొన్ని యాప్‌లు పాత హోల్డ్ వదిలేసి మొత్తాన్ని కొత్తగా తీసుకుంటాయి. మీకు జరిగింది అదే అనిపిస్తోంది.

హోల్డ్ వదలమని యాప్ వెంటనే చెప్పినా, బ్యాంకు తీసేసరికి కొన్ని రోజులు పడుతుంది. డెబిట్ కార్డయితే ఈ ఆలస్యం నిజంగా చికాకే, అన్నాళ్లూ బ్యాలెన్స్ తక్కువ కనిపిస్తుంది.

వారం దాటాక 410 కూడా Posted అయితే, అంటే నిజంగానే కోత పడితే, రైడ్ రసీదు, కార్డు స్టేట్‌మెంట్ పెట్టి ముందు యాప్ వాళ్లకు, కదలకపోతే బ్యాంకుకు ఫిర్యాదు చేయించండి.